పట్టికను తిరగేసి చదివితే నిర్వచనం: మొదటి ఏడాది తరగతిలో అవధి పాఠం

విశాఖపట్నంలో ఇంజినీరింగులోనో, బీఎస్సీలోనో చేరి మొదటి సెమిస్టరు కలన గణితం తరగతికి వచ్చే విద్యార్థులకు అవధి కొత్త మాట కాదు. ఇంటర్ ఎంపీసీ మొదటి ఏడాదిలోనే దాన్ని చదివి, ఈఏపీసెట్ కోసం వందల లెక్కలు చేసి ఉంటారు. అందుకే x విలువ 2కు దగ్గరవుతున్నప్పుడు (x³ − 8)/(x − 2) అవధి ఎంత అని బోర్డు మీద రాస్తే, సుద్దముక్క కింద పెట్టేలోపే వెనక బెంచీ నుంచి "పన్నెండు సార్" అని జవాబు వస్తుంది. ఎలా వచ్చిందంటే సూత్రం చెబుతారు, లేదా ఎల్ హాస్పిటల్ అంటారు. ఆ 12 దేన్ని తెలియజేస్తుందని అడిగినప్పుడు మాత్రం తరగతి కాసేపు నిశ్శబ్దమై, చివరికి "x స్థానంలో 2 పెడితే వచ్చేది" అన్న జవాబు దగ్గర ఆగుతుంది. 2 పెడితే వచ్చేది సున్నా బై సున్నా కదా అన్న సంగతి జవాబు చెప్పినవారికీ తెలుసు. (ఎల్ హాస్పిటల్ నియమం అవకలజం మీద, అవకలజం అవధి మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి, అవధి అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆ నియమం జవాబు కాలేదు. కాని ఆ మాట మొదటి రోజే అంటే ఎవరికీ ఎక్కదు.)

ఈ పరిస్థితిలో పాఠాన్ని ఎప్సిలాన్, డెల్టాలతో మొదలుపెడితే, ఇప్పటికే జవాబు తెలిసిన లెక్కకు ఇంత పెద్ద వాక్యం ఎందుకన్న అనుమానమే మిగులుతుంది. అందువల్ల ముందుగా అంకెల పట్టిక వేయించి, ఆ తరవాత నిర్వచనానికి రావడం చాలామంది అధ్యాపకులు అనుసరించే దారి. దారి మంచిదే. అయితే మామూలుగా వేసే పట్టిక నిర్వచనం నడిచే దిక్కుకు ఎదురుగా నడుస్తుంది. పట్టికలో మనం x ను ఎంచుకుంటే f(x) బయటికి వస్తుంది. నిర్వచనంలో ముందుగా f(x) ఎంత దగ్గరగా ఉండాలో ఎవరో నిర్ణయిస్తారు, దానికి తగిన x లు ఎక్కడున్నాయో మనం వెతకాలి. ఈ మలుపు తిప్పకుండా పట్టిక నుంచి నేరుగా నిర్వచనానికి దూకిన తరగతిలో, పట్టిక ఒక కథగా, నిర్వచనం ఇంకో కథగా మిగిలిపోతాయి. గణిత బోధన మీద పరిశోధించిన స్విన్యార్డ్, లార్సెన్ 2012లో ప్రచురించిన వ్యాసంలో కూడా విద్యార్థులు x వైపు నుంచి ఆలోచించడం మాని y వైపు నుంచి ఆలోచించడం మొదలుపెట్టడాన్నే కీలకమైన మలుపుగా గుర్తించారు.

మొదటి పట్టిక

ఇంటర్ పరీక్షలో గాని ఈఏపీసెట్‌లో గాని కాలిక్యులేటర్‌ను అనుమతించరు కాబట్టి, దశాంశాలతో తీరిగ్గా కూర్చుని లెక్క చేసే అలవాటు ఈ విద్యార్థులకు తక్కువ. కనీసం ఒక్క వరుసనైనా చేత్తో చేయించడం మంచిది. f(x) = (x³ − 8)/(x − 2) అనుకుని x = 1.99 తీసుకుంటే, వర్గం 3.9601, ఘనం 7.880599. అందులోంచి 8 తీసేస్తే −0.119401, దాన్ని −0.01తో భాగిస్తే 11.9401. లవంలోనూ హారంలోనూ ఉన్నవి రెండూ చిన్న సంఖ్యలే అయినా, వాటి నిష్పత్తి చిన్నది కాకుండా 12 పక్కన నిలబడటం ఈ ఒక్క వరుసలోనే కనిపిస్తుంది. మిగతా వరుసలు కాలిక్యులేటర్ మీద చేసుకోవచ్చు. నడుమనున్న x = 2 వరుసను కూడా వదలకుండా నొక్కి చూడమనాలి. తెర మీద Math ERROR అని వస్తుంది, పట్టికలో ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది.

| x | f(x) | 12 నుంచి తేడా |
|---|---|---|
| 1.9 | 11.41 | −0.59 |
| 1.99 | 11.9401 | −0.0599 |
| 1.999 | 11.994001 | −0.005999 |
| 2 | — | — |
| 2.001 | 12.006001 | +0.006001 |
| 2.01 | 12.0601 | +0.0601 |
| 2.1 | 12.61 | +0.61 |

మూడో నిలువు వరుసను చాలా తరగతుల్లో వేయరు. వేయకపోతే పట్టిక చెప్పేది "12కు దగ్గరవుతోంది" అన్న ఒక్క మాటే. వేస్తే, x ను 2కు పదింతలు దగ్గర చేసినప్పుడల్లా తేడా కూడా సుమారు పదింతలు తగ్గుతోందనీ, ఆ తేడా x జరిగిన దూరానికి దాదాపు 6 రెట్లు ఉంటోందనీ బయటపడుతుంది. ఆ 6తో తరవాత పని ఉంది.

తెలుగులో ఈ పాఠం చెప్పేటప్పుడు మాట వల్లే వచ్చే ఒక చిక్కును కూడా ఇక్కడే విప్పాలి. 'అవధి' అంటే మామూలు వాడుకలో హద్దు, గడువు. ఆనందానికి అవధులు లేవంటాం. ఆ అర్థం మనసులో ఉన్న విద్యార్థి అవధిని విలువలు దాటలేని గోడగా ఊహించుకుంటాడు. 'దగ్గరవుతుందే గాని చేరదు' అన్న నమ్మకం కూడా దాని వెంటే వస్తుంది. పై పట్టికలో విలువలు 12కు కింద నుంచీ పై నుంచీ కూడా వస్తున్నాయి కాబట్టి గోడ అన్న ఊహ కొంత సడలుతుంది. 'చేరదు' అన్న రెండో నమ్మకం మాత్రం ఈ పట్టికతో మరింత గట్టిపడే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఇందులో 12 ఎక్కడా లేదు. దానికి విరుగుడుగా f(x) = 5 అన్న స్థిర ప్రమేయానికి పట్టిక వేయమంటే చాలు. ప్రతి వరుసలోనూ 5, 5, 5 అని రాస్తూ విద్యార్థులు నవ్వుతారు. కాని అవధి విలువ పట్టికలో కనిపించకూడదన్న నియమమేదీ లేదని ఆ నవ్వులోనే అర్థమవుతుంది.

పట్టికను తిరగేయడం

గాజువాక ఆటోనగర్‌లో లేత్ మిషను ఉన్న ఏ చిన్న షెడ్డుకు వెళ్లినా పని మొదలయ్యేది డ్రాయింగుతోనే. షాఫ్టు వ్యాసం 12 మిల్లీమీటర్లు, టాలరెన్స్ 0.1 అని డ్రాయింగులో ఉంటుంది. ఆ 0.1 లేత్ నడిపేవాడు ఎంచుకున్నది కాదు, ఆర్డరు ఇచ్చినవాడు పెట్టిన షరతు. దానికి తగ్గట్టు మిషను సెట్టింగు ఎంత ఖచ్చితంగా ఉండాలన్నది మాత్రం నడిపేవాడి పని. మర్నాడు వేరొకరు వచ్చి 0.01 కావాలంటే సెట్టింగు మళ్లీ బిగించుకోవాలి. వర్క్‌షాప్ ప్రాక్టీసులో ఫైలు, వెర్నియరు పట్టిన మొదటి ఏడాది విద్యార్థులకు ఈ మాట వేరుగా వివరించనక్కర్లేదు. నిర్వచనంలోని ε డ్రాయింగులోని టాలరెన్స్, δ సెట్టింగులో అనుమతించగల తేడా. అయితే ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. లోకంలోని ఏ లేతూ ఒక స్థాయి దాటి సన్నని టాలరెన్సును అందుకోలేదు. అవధి ఉందనాలంటే ఎంత సన్నని షరతు పెట్టినా తగిన సెట్టింగు దొరికి తీరాలి.

ఇప్పుడు ప్రశ్నను తిప్పి అడగాలి: f(x) విలువ 12కు 0.1 కంటే తక్కువ తేడాలో ఉండాలంటే, x ను 2కు ఎంత దూరంలోపు ఉంచాలి? మొదటి పట్టికలో దీనికి నేరుగా జవాబు లేదు. దూరం 0.1 అయితే తేడా 0.61, అది ఎక్కువ. దూరం 0.01 అయితే 0.0601, అది సరిపోతుంది. జవాబు ఈ రెంటి నడుమ ఎక్కడో ఉంది. తరగతి అంతా కలిసి వెతకవచ్చు. 0.05 తీసుకుంటే f(2.05) = 12.3025, కుదరలేదు. 0.02 తీసుకుంటే 12.1204, ఇంకా బయటే. 0.015కు 12.090225, లోపలికి వచ్చింది. 0.016కు 12.096256, అదీ లోపలే. 0.017కు 12.102289, మళ్లీ బయటికి పోయింది. ఎడమవైపు కూడా ఇలాగే చూసుకుంటే 0.016 నిలుస్తుంది. వెతికిన ఈ అయిదు నిమిషాలు పాఠంలో వృథా అయినట్టు పైకి కనిపిస్తాయి గాని, δ అన్నది ఎవరో ఇచ్చేది కాదనీ వెతికి తేవలసిందనీ విద్యార్థికి తెలిసేది అప్పుడే.

ఇదే పనిని వేర్వేరు టాలరెన్సులకు చేస్తే రెండో పట్టిక వస్తుంది.

| అడిగిన తేడా ε | సరిపోయే దూరం δ |
|---|---|
| 1 | 0.16 |
| 0.1 | 0.016 |
| 0.01 | 0.0016 |
| 0.001 | 0.00016 |

ఈ పట్టికను చూడగానే ముందు బెంచీలో ఎవరో ఒకరు "ε బై 6 అంటే సరిపోతుంది" అంటారు. మొదటి పట్టికలో కనిపించిన 6 గుర్తుండటం వల్ల వచ్చిన ఊహ అది, మంచి ఊహే. కాని తప్పు. ε = 0.1 అయితే ε/6 అంటే 0.016666 చిల్లర. 2కు కుడివైపున ఆ దూరానికి f(x), 12ను 0.1 మీద మరో 0.00028 దాకా మించిపోతుంది. ఎడమవైపు సరిపోయి కుడివైపు ఇంత కొద్దిలో తప్పడం ఎందుకన్నది ఆ రోజు పాఠంలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న. జవాబు బీజగణితంలో ఉంది. x ≠ 2 అయినప్పుడు f(x) = x² + 2x + 4 కాబట్టి, f(x) − 12 = (x − 2)(x + 4). అంటే తేడా అనేది దూరానికి సరిగ్గా 6 రెట్లు కాదు, x + 4 రెట్లు. x సరిగ్గా 2 దగ్గర ఉంటే అది 6. కుడివైపుకు కొంచెం జరిగితే 6 కన్నా ఎక్కువ, ఎడమవైపుకు జరిగితే తక్కువ.

కాబట్టి 6కు బదులు, 2 చుట్టుపక్కల x + 4 ఎన్నడూ దాటని సంఖ్య ఒకటి కావాలి. x ను 2కు 1 దూరంలోపు ఉంచుతామని ముందే అనుకుంటే x విలువ 3 దాటదు, x + 4 విలువ 7 దాటదు. అప్పుడు తేడా 7|x − 2| కంటే ఎక్కువ కాలేదు, δ = ε/7 సరిపోతుంది. పుస్తకాల్లో ఈ లెక్క చివర δ అనేది 1, ε/7 ల్లో చిన్నది అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ 7 ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపించడం వల్లనే చాలామంది దాన్ని బట్టీ పడతారు. పట్టిక 6 చూపించిందనీ, రుజువు కొంచెం వదులు ఉంచుకుని 7 తీసుకుందనీ తెలిసిన విద్యార్థి, 1కి బదులు అర దూరం అనుకుంటే 6.5 వస్తుందనీ, అదీ సరైనదేననీ తనంతట తానే చెప్పగలుగుతుంది. నిర్వచనం అడిగేది పని చేసే ఏదో ఒక δ నే గాని, వీలైనంత పెద్ద δ ను కాదు. రెండో పట్టికలో పెద్ద δ కోసం వెతికిన తరగతికి ఈ తేడాను విడమరిచి చెప్పకపోతే, ప్రతి లెక్కలోనూ వర్గ సమీకరణం సాధించడానికి కూర్చుంటారు.

మరి ఆ 1 ఎందుకు వదలకూడదు? సాధారణంగా ε చిన్నదే కదా, ε/7 ఎలాగూ 1 కంటే తక్కువే కదా అని అడుగుతారు. ε ఎంతైనా కావచ్చునన్నది నిర్వచనం షరతు. ఎవరో 20 టాలరెన్స్ ఇచ్చారనుకుంటే ε/7 దాదాపు 2.86 అవుతుంది. ఆ దూరంలోపున్న x = 4.8 దగ్గర తేడా 2.8 × 8.8, అంటే 24.64. షరతు తప్పింది. తప్పడానికి కారణం, x + 4 విలువ 7 లోపు ఉంటుందన్న హామీ 3 దాటాక చెల్లకపోవడమే.

ఇంత జరిగాక నిర్వచనాన్ని బోర్డు మీద రాస్తే అది రెండో పట్టికను వర్ణించే వాక్యంగానే చదువుకోవచ్చు: ప్రతి ధనసంఖ్య ε కు, 0 < |x − 2| < δ అయ్యే ప్రతి x కు |f(x) − 12| < ε అయ్యేలా ఒక ధనసంఖ్య δ ఉంటే, f అవధి 12. 'ప్రతి ε కు' అంటే పట్టిక ఎడమ గడిలో ఏ సంఖ్య రాసినా అని. 'ఒక δ ఉంటే' అంటే కుడి గడి ఖాళీగా ఉండదని. '0 <' అన్నది మొదటి పట్టికలో Math ERROR వచ్చిన ఆ నడిమి వరుసను పక్కన పెట్టడం. జవాబు పత్రాల్లో తరచుగా కనిపించే పొరపాటు, ముందు δ రాసి ఆ తరవాత 'ప్రతి ε కు' అనడం. దాన్ని కూడా పట్టికతోనే సరిదిద్దవచ్చు. ఆ వరసలో చదివితే కుడి నిలువు వరుస అంతటికీ ఒకే సంఖ్య ఉండాలి. అన్ని ε లకూ 0.16 సరిపోవాలంటే f(x), 2 చుట్టూ 0.16 మేర సరిగ్గా 12గా ఉండిపోవాలి. అలాంటిది ఆ మేర స్థిరంగా ఉండే ప్రమేయానికే కుదురుతుంది.

పాఠం ఈ వరసలో నడవడం చరిత్రకు విరుద్ధం కూడా కాదు. కోషీ 1821 నాటి పాఠ్యగ్రంథంలో అవధిని మాటల్లోనే నిర్వచించాడు: ఒక చరరాశి విలువలు స్థిరమైన ఒక విలువకు, కోరుకున్నంత తక్కువ తేడా మిగిలేలా దగ్గరవుతూ పోతే అది అవధి అని. ఇప్పుడు మనం రాసే ε, δ ల రూపం ఆ తరవాత దశాబ్దాలకు, బెర్లిన్‌లో వైయర్‌స్ట్రాస్ చెప్పిన పాఠాలతో స్థిరపడింది. కోషీ వాక్యంలోని 'కోరుకున్నంత' అన్న మాటే ε.

పట్టిక అబద్ధం చెప్పే చోట్లు

పట్టికతో మొదలుపెట్టిన తరగతికి, పట్టికను నమ్మి మోసపోయే అవకాశం కూడా అదే వారంలో కల్పించాలి. లేకపోతే నిర్వచనం అలంకారంగా మిగులుతుంది. దీనికి sin(π/x) బాగా పనికొస్తుంది, x విలువ 0కు దగ్గరవుతున్నప్పుడు. తరగతిని రెండుగా విడదీసి, కిటికీ వైపు బెంచీలవారిని 0.1, 0.01, 0.001 తీసుకోమని, గుమ్మం వైపువారిని 0.3, 0.03, 0.003 తీసుకోమని చెప్పాలి. మొదటివారికి ప్రతి వరుసలోనూ 0 వస్తుంది, ఎందుకంటే π/x అనేది 10π, 100π, 1000π. రెండోవారికి ప్రతి వరుసలోనూ −0.866 వస్తుంది. 10, 100, 1000 లను 3తో భాగిస్తే వచ్చే కోణాలన్నీ పూర్తి చుట్లు తీసేశాక 4π/3 దగ్గరే ఆగడం దీనికి కారణం. ఒక వైపువారు అవధి 0 అని, ఇంకో వైపువారు −0.866 అని గట్టిగా చెబుతారు. ఇద్దరి పట్టికల్లోనూ ఊగిసలాట మచ్చుకైనా లేదు. ఎవరైనా 0.7, 0.07, 0.007 వేసి చూస్తే −0.975, 0.782, 0.434 వచ్చి తగవు ఇంకా ముదురుతుంది.

ఈ తగవును ఇంకో పట్టిక తీర్చలేదు. ఎంత పొడవైన పట్టికైనా కొన్ని x లనే చూస్తుంది, నిర్వచనం δ లోపున్న ప్రతి x నూ అడుగుతుంది. ε = 0.4 అనుకుందాం. 0కు ఎంత దగ్గరి అంతరం తీసుకున్నా, అందులో కిటికీ వైపువారి x ఒకటీ, గుమ్మం వైపువారి x ఒకటీ ఉంటాయి. కాబట్టి అవధి ఉంటే అది 0కు 0.4 లోపూ, −0.866కు 0.4 లోపూ ఒకేసారి ఉండాలి. ఆ రెంటి నడుమ దూరం 0.866, రెండు 0.4లు కలిపినా 0.8 మాత్రమే. కాబట్టి అవధి లేదు. రెండు వైపులా వేసిన పట్టికలు వృథా కాలేదు. అవి చూపించిన విలువలే రుజువుకు ముడిసరుకయ్యాయి.

రెండో రకం మోసం యంత్రానిది. x విలువ 0కు దగ్గరైనప్పుడు (1 − cos x)/x² అవధి సగం. దీన్ని కంప్యూటర్ ల్యాబులో చూపడం తేలిక:

```
from math import cos
for k in range(1, 9):
    x = 10.0**-k
    print(x, (1 - cos(x)) / x**2)
```

0.1కు 0.49958, 0.01కు 0.499996, ఇలా మొదటి నాలుగు వరుసలూ బుద్ధిగా 0.5 వైపు నడుస్తాయి. అయిదో వరుసలో 0.50000004, ఆరో వరుసలో 0.50004, ఏడో వరుసలో 0.49960, ఎనిమిదో వరుసలో సున్నా. పట్టిక చివరి వరుసనే జవాబుగా తీసుకునే అలవాటున్నవారు అవధి సున్నా అని రాస్తారు. నిజానికి కంప్యూటర్ 1కి కొంచెం తక్కువైన సంఖ్యలను 2⁻⁵³, అంటే సుమారు 1.11 × 10⁻¹⁶ పొడవున్న మెట్ల మీదే ఉంచగలదు. x = 10⁻⁷ అయినప్పుడు 1 − cos x విలువ 5 × 10⁻¹⁵ ఉండాలి. అది సుమారు 45.04 మెట్లు. కంప్యూటర్ 45 మెట్లుగా లెక్కేసుకుంటుంది, 0.5కు బదులు 0.4996 వస్తుంది. x = 10⁻⁸ అయ్యేసరికి ఆ తేడా సగం మెట్టు కూడా ఉండదు కాబట్టి cos x నేరుగా 1గా మారి లవం సున్నా అవుతుంది. చేతి కాలిక్యులేటర్లలో అంకెల సంఖ్య వేరు కావడం వల్ల ఈ కూలిపోవడం వేరే వరుసలో జరుగుతుంది గాని, జరగక మానదు.

ఇది ప్రమేయం చేసే పని కాదని గుర్తుపట్టడం ఎలా? 0 దగ్గర ఈ ప్రమేయం విలువ సుమారు 1/2 − x²/24, అంటే ఎప్పుడూ సగానికి కొంచెం తక్కువే. పట్టికలో సగాన్ని మించిన విలువ కనిపించిన అయిదో వరుస నుంచే అనుమానించాలి. పైగా నికరంగా తగ్గుతూ వచ్చిన తేడా ఒక్కసారిగా పెరగడం మొదలవుతుంది. 1 − cos x స్థానంలో దానికి సమానమైన 2 sin²(x/2) పెట్టి మళ్లీ నడిపితే, దగ్గరి సంఖ్యలను తీసివేసే పని ఉండదు కాబట్టి ఎనిమిదో వరుసలోనూ 0.5 వస్తుంది. ప్రమేయం ఒక్కటే, రాసిన తీరు మారింది, పట్టిక మారింది. ఇక చేతి కాలిక్యులేటర్‌ను డిగ్రీల మోడ్‌లో మరిచిపోయినవారికి ఇదే పట్టిక 0.000152 దగ్గర ఎంతో నిలకడగా ఆగుతుంది. అది పొరపాటు లెక్క కాదు, వేరే ప్రమేయానికి సరైన లెక్క. (π/180)² లో సగం అంతే.

మూడోది వీటికి వ్యతిరేక దిశలో మోసం చేస్తుంది. ఇక్కడ అవధి ఉంది, పట్టికకే కనిపించదు. x కుడివైపు నుంచి 0కు దగ్గరవుతున్నప్పుడు 1/ln(1/x) తీసుకుంటే, 0.1కు 0.434, 0.001కు 0.145, పదిలక్షో వంతుకు 0.072 వస్తాయి. 10⁻¹² దాకా వెళ్లినా 0.036 దగ్గరే ఉంటుంది. తరగతిలో కొందరు ఇది 0.03 దగ్గరో 0.02 దగ్గరో ఆగుతుందంటారు, మొదటి పట్టికలో తేడా వరుసవరుసకూ పదింతలు తగ్గడం చూసిన కళ్లకు అలా అనిపించడం సహజమే. రెండో రకం పట్టిక వేస్తే సంగతి బయటపడుతుంది. ε = 0.1 అంటే ln(1/x) విలువ 10 దాటాలి, δ = e⁻¹⁰, సుమారు 0.000045. ε = 0.01 అంటే δ = e⁻¹⁰⁰, సుమారు 3.7 × 10⁻⁴⁴. ε = 0.001కు కావలసిన e⁻¹⁰⁰⁰ విలువ 10⁻⁴³⁴ ప్రాంతంలో ఉంటుంది. సాధారణ సైంటిఫిక్ కాలిక్యులేటర్ 10⁻⁹⁹ కంటే చిన్న సంఖ్యను చూపలేదు కాబట్టి అక్కడ నొక్కితే తెర మీద 0 వచ్చి ఊరుకుంటుంది. ఆ గడిని అంకెలతో నింపడం తరగతిలో ఎవరివల్లా కాదు. కాగితం మీద మాత్రం δ = e^(−1/ε) అని ఒక్క పంక్తి రాస్తే ఆ గడితోపాటు దాని కింద ఎన్ని వరుసలున్నా అన్నీ నిండుతాయి.